చెక్కులోనూ అగ్రిమెంట్‌లోనూ మొత్తాన్ని తేడా రాకుండా రాయడం

ప్రశ్న: 150 గజాల స్థలం కొంటున్నాం. గజం పన్నెండున్నర వేలు, మొత్తం 18,75,000. ఇప్పుడు అడ్వాన్సుగా 4,75,000 చెక్కు ఇవ్వాలి. అగ్రిమెంట్ తెలుగులో రాయిస్తున్నారు. చెక్కు కూడా తెలుగులో రాయొచ్చా, ఇంగ్లీషులోనే రాయాలా? అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే ఏది చెల్లుతుంది? "లక్షన్నర", "పాతిక వేలు" లాంటివి కాగితం మీద రాస్తే ఇబ్బందా? కాస్త టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

సమాధానం:

బ్యాంకులో క్లియరింగ్ సీట్లో చాలాకాలం పనిచేశాను. రిటైరయ్యాక తెలిసినవాళ్ళ అగ్రిమెంట్లు సంతకానికి ముందు చదివిపెడుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు చెల్లుబాటు సంగతి. చెక్కుకీ ప్రామిసరీ నోటుకీ 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం వర్తిస్తుంది. అంకెల్లో ఒక మొత్తం, అక్షరాల్లో ఇంకో మొత్తం ఉంటే అక్షరాల్లో ఉన్నదే అసలు మొత్తం అని అందులోని 18వ సెక్షన్ చెబుతుంది. అంకెలు ఎంత స్పష్టంగా, ఎంత పెద్దగా రాసినా సరే, తేడా వస్తే అవి పక్కకి పోతాయి. మనలో చాలామంది చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని. అంకెలు రెండుసార్లు చూసుకుంటారు, అక్షరాలు గబగబా గీకేస్తారు.

మీ అడ్వాన్సు మొత్తాన్నే తీసుకుందాం. దాన్ని మనం నోటితో ఏమంటాం? "నాలుగు డెబ్బై ఐదు" అంటాం. బేరం అంతా ఆ లెక్కలోనే నడుస్తుంది. "పద్దెనిమిది డెబ్బై ఐదుకి తెగింది, నాలుగు డెబ్బై ఐదు అడ్వాన్సు" అంటే వినేవాడికి ఏ అనుమానమూ ఉండదు. ఆ మాటే చెవిలో ఉండగా పెన్ను పట్టుకుంటే చేతిలోంచి వచ్చేది ఇలా ఉంటుంది:

"నాలుగు లక్షల డెబ్బై ఐదు రూపాయలు మాత్రమే."

చదివి చూడండి. వాక్యం ఎక్కడా తడబడదు, వ్యాకరణ దోషం లేదు, చూపు దాని మీదుగా జారిపోతుంది. కానీ అది 4,00,075. "వేల" అన్న రెండక్షరాలు పడిపోయాయి. ఇదే ఒక ప్రామిసరీ నోటు మీద ఉండి, పైన అంకెల్లో 4,75,000 ఉందనుకోండి. 18వ సెక్షన్ ప్రకారం బాకీ 4,00,075 అవుతుంది. అప్పిచ్చినవాడికి తేడా 74,925 రూపాయలు. ఆపైన వడ్డీ కూడా ఆ తక్కువ మొత్తం మీదే. నేను చూసిన తేడాల్లో ఎక్కువ భాగం మోసాలు కావు, ఇలా "వేల" మింగేసినవే. ఇంగ్లీషులోనూ ఇదే తప్పు ఇదే పద్ధతిలో జరుగుతుంది. "ఫోర్ లాఖ్ సెవెంటీ ఫైవ్ ఓన్లీ" అని రాసి "థౌజండ్" వదిలేస్తారు.

దీనికి నేను చెప్పే పరీక్ష ఒకటే. రాసిన తర్వాత అంకెలు మూసేసి, అక్షరాలు మాత్రం ఇంకొకరి చేత పైకి చదివించి, వాళ్ళు చదివినదాన్ని వేరే కాగితం మీద అంకెల్లో వేయించండి. మీరే చదివితే కుదరదు. మీ మనసులో సరైన మొత్తం ఉంది కాబట్టి పడిపోయిన మాటని మీ కన్నే పూరించేస్తుంది.

ఇక చెక్కు. చట్టం అక్షరాలదే పైచేయి అంటోంది కదా, తేడా ఉన్నా బ్యాంకు అక్షరాల ప్రకారం డబ్బు ఇచ్చేస్తుందిలే అనుకోకండి. కౌంటర్ దగ్గర అలా జరగదు. మీకు నిజంగా ఎంత ఇవ్వాలని ఉందో బ్యాంకుకి తెలియదు. తప్పు మొత్తం ఖర్చు వేస్తే తలనొప్పి దానిది. అందుకని అంకెలకీ అక్షరాలకీ తేడా ఉందన్న కారణం వేసి చెక్కు వెనక్కి పంపేస్తారు. రిటర్న్ చార్జీలు పడతాయి, అమ్మేవాళ్ళకి మీ మీద అనుమానం మొదలవుతుంది. 18వ సెక్షన్ అసలు పనికొచ్చేది కోర్టులో, అదీ ఎక్కువగా ప్రామిసరీ నోట్ల విషయంలో.

భాష గురించి అడిగారు. తెలుగులో నిక్షేపంగా రాయొచ్చు. చెక్కు ఫారం హిందీ, ఇంగ్లీషుల్లో అచ్చవుతుంది కానీ ఖాతాదారుడు హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ ప్రాంతీయ భాషలోగానీ రాయొచ్చని రిజర్వ్ బ్యాంకు సూచనల్లోనే ఉంది. తెలుగులో రాశారని మన రాష్ట్రాల్లో ఏ బ్రాంచీ కాదనకూడదు. సంతకం ఇంగ్లీషులో ఉండి మొత్తం తెలుగులో ఉన్నా పర్వాలేదు. అయితే ఒక ఆచరణ సంగతి చెప్పాలి. ఇప్పుడు కాగితం చెక్కు ఊళ్ళు తిరగదు. డబ్బు జమ చేసుకునే బ్యాంకు దాన్ని స్కాన్ చేస్తుంది, ఆ బొమ్మే మీ బ్యాంకుకి వెళుతుంది. ఆ బొమ్మను తెర మీద చూసి పాస్ చేసేవారు మీ ఊరి బ్రాంచీలో కాకుండా ఎక్కడో ఉన్న ప్రాసెసింగ్ సెంటర్లో ఉండొచ్చు, వాళ్ళకి తెలుగు రాకపోవచ్చు. అందుకే మొత్తం పెద్దదై, గడువు తరుముతున్నప్పుడు నేనైతే చెక్కు ఇంగ్లీషులో రాయమంటాను. హక్కు వేరు, పని త్వరగా తెమలడం వేరు. ఏదైనా ఒక భాషే వాడండి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు వద్దు. అంకెలు మాత్రం మామూలు 1, 2, 3లే. పాత దస్తావేజుల్లో ఉండే తెలుగు అంకెలు చూడముచ్చటగా ఉంటాయి కానీ ఇవాళ వాటిని తడుముకోకుండా చదవగలిగేవాళ్ళు తగ్గిపోయారు.

రాసేటప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు రెండు భాషల్లో ఒకటి కాదు. ఇంగ్లీషులో ప్రమాదం మాట చివర ఉంటుంది. సిక్స్ చివర రెండక్షరాలు చేరిస్తే సిక్స్‌టీ, ఎయిట్ చివర ఒక్క వై చేరిస్తే ఎయిటీ అయిపోతుంది. కాబట్టి ఇంగ్లీషులో మాటకీ మాటకీ మధ్య ఖాళీ తక్కువ ఉంచాలి. తెలుగులో ఎనిమిదికి ఏం తగిలించినా ఎనభై కాదు, ఆరుని అరవై చేయలేం. తెలుగులో ప్రమాదం వరస మొదట్లో ఉంటుంది. "ఐదు వేలు" ముందు చోటుంటే "ముప్పై" చేరుతుంది. "డెబ్బై ఐదు వేలు" ముందు చోటుంటే "లక్షా" చేరుతుంది. అతుకు కనపడదు, ఎందుకంటే కొత్త వరస కూడా నిక్షేపమైన తెలుగే. అంకెల గడిలో కూడా ఎడమవైపు ఖాళీ ఉంటే ఆ 3 గానీ 1 గానీ అక్కడ కూర్చుంటుంది. అందుకే అక్షరాలు గీత మొదట్లోనే, అచ్చువేసిన "రూపాయలు" మాటకి ఆనించి మొదలుపెట్టాలి. అంకెలు రూపాయి గుర్తుకి ఆనించి మొదలుపెట్టాలి.

చివర మాత్రం తెలుగు మనకి ఒక సాయం చేస్తుంది. "వేల", "లక్షల" అంటే మాట ఇంకా అవలేదు, వెనకాల ఏదో రావాలి. "వేలు", "లక్షలు" అంటే సంఖ్య మూసుకుంది. చెక్కు మీద "రూపాయలు" ముందే అచ్చయి ఉంటుంది కాబట్టి "నాలుగు లక్షల డెబ్బై ఐదు వేలు మాత్రమే" అని "లు"తో ముగించండి. మిగిలిన గీతంతా అడ్డంగా కొట్టేయండి. "వేల రూపాయలు మాత్రమే" అని ఇంకోసారి రూపాయలు రాసినా తప్పేం లేదు. కానీ "వేల" దగ్గర ఆపేసి వదిలేయకండి. అంకెల్లో 4,75,000/- అని వేసి గీత కొడితే సరిపోతుంది.

చేతిరాత బాగోలేనివాళ్ళకి ఇంకో రెండు చోట్ల ప్రమాదముంది. "ఇరవై", "అరవై" మధ్య తేడా మొదటి అక్షరం ఒక్కటే. "పదిహేను", "పదిహేడు" మధ్య తేడా చివరి అక్షరం ఒక్కటే. స్కాన్ బొమ్మలో అవి ఇంకా అలుక్కుపోతాయి. ఈ నాలుగు మాటలు వచ్చినప్పుడు అక్షరాలు విడివిడిగా, నిదానంగా వేయండి. డెబ్బై అనీ డెబ్బయి అనీ, యాభై అనీ ఏభై అనీ రకరకాలుగా రాస్తారు కదా, దానికి కంగారు పడనక్కర్లేదు. అర్థం మారనంతవరకూ అక్షరదోషం చెక్కుని చంపదు. ఇంగ్లీషులో లక్షకి కె, హెచ్‌తో రాయాలా సితో రాయాలా అని వాట్సాప్‌లో తెగ తిరుగుతుంటాయి. రెండూ వాడుకలో ఉన్నవే. కె, హెచ్‌తో రాయడమే నయం, రిజర్వ్ బ్యాంకు తన ప్రచురణల్లో అలాగే రాస్తుంది.

పొరపాటు పడితే ఏం చేయాలి? చెక్కు మీద దిద్దకండి. ఒకప్పుడు దిద్ది, పక్కన సంతకం పెడితే నడిచేది. 2010 డిసెంబరు నుంచి బొమ్మల మీద జరిగే క్లియరింగ్‌లో పేరుగానీ, అంకెలుగానీ, అక్షరాలుగానీ దిద్దిన చెక్కుని తీసుకోరు. తేదీ పొడిగించేందుకు చేసే మార్పు ఒక్కటే మినహాయింపు. ఆ ఆకు చించేసి కొత్తది రాయండి. ప్రామిసరీ నోటు సంగతి ఇంకా కఠినం. ముఖ్యమైన మార్పు ఒకటి అవతలివాళ్ళ సమ్మతి లేకుండా చేస్తే వాళ్ళ మీద ఆ నోటు చెల్లకుండానే పోతుందని అదే 1881 చట్టం 87వ సెక్షన్ అంటుంది. మొత్తాన్ని దిద్దడం కంటే ముఖ్యమైన మార్పు ఇంకేముంటుంది? ఒక అంకె సరిచేయబోయి నోటంతా పోగొట్టుకోవడం కంటే ఇంకోటి రాయించుకోవడం చవక.

మీ చెక్కు యాభై వేలు దాటింది కాబట్టి పాజిటివ్ పే కూడా వాడుకోండి. చెక్కు నంబరు, తేదీ, ఎవరి పేరు, ఎంత మొత్తం అనేవి మీరే ముందుగా బ్యాంకు యాప్‌లో గానీ బ్రాంచీలో గానీ చెప్పి ఉంచే పద్ధతి అది. 2021 జనవరి నుంచి ఉంది. ఐదు లక్షలు, ఆపైన చెక్కులకి దీన్ని తప్పనిసరి చేసే వీలు బ్యాంకులకి ఇచ్చారు. ఎవరైనా మొత్తం మారిస్తే అక్కడ దొరికిపోతుంది. అయితే అందులో కూడా 475000కి బదులు 457000 కొట్టారో, మీ మంచి చెక్కు మీ చేతులతోనే ఆగిపోతుంది.

ఇప్పుడు అగ్రిమెంట్. ఇక్కడే చాలామంది పొరబడతారు. 18వ సెక్షన్ అగ్రిమెంట్లకి రాదు. తేడా వస్తే కోర్టులు మామూలుగా అక్షరాల వైపే మొగ్గుతాయి, కానీ అది కాగితమంతా చదివి అర్థం చెప్పుకునే పని, చట్టంలో తీర్మానమైపోయిన సంగతి కాదు. అసలు ధర ఎంతో తేల్చలేనంత గందరగోళం ఉంటే ఒప్పందమే చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ కింద దీనికి ఒక ఉదాహరణ ఉంది. ఒకతను తన తెల్ల గుర్రాన్ని "ఐదు వందలకి గానీ వెయ్యికి గానీ" అమ్ముతానని ఒప్పుకున్నాడు. ఏ ధరో తేల్చే ఆధారం కాగితంలో లేదు. ఆ ఒప్పందం చెల్లదు, అంతే.

కాబట్టి ఆ నియమాన్ని మీరే అగ్రిమెంట్‌లో రాసుకోండి. "ఈ అగ్రిమెంటులో ఎక్కడైనా అంకెలకు, అక్షరాలకు తేడా కనబడినచో అక్షరాలలో రాసిన మొత్తమే ఉభయులకు కట్టుబాటు" అని ఒక్క వాక్యం చాలు. మొత్తాలు ఇలా రాయించండి:

"రూ. 18,75,000/- (అక్షరాలా పద్దెనిమిది లక్షల డెబ్బై ఐదు వేల రూపాయలు మాత్రమే)"

"రూ. 4,75,000/- (అక్షరాలా నాలుగు లక్షల డెబ్బై ఐదు వేల రూపాయలు మాత్రమే)"

"రూ. 14,00,000/- (అక్షరాలా పద్నాలుగు లక్షల రూపాయలు మాత్రమే)"

మొత్తం, అడ్వాన్సు, బకాయి. ఈ మూడూ కూడికకి సరిపోవాలి. మూడూ ఉంటే ఒకదాంట్లో తప్పు దొర్లినా మిగతా రెండూ అసలు సంగతి చెబుతాయి. బకాయి ఎంతో రాయకుండా "మిగతా పైకము" అని వదిలేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

"పన్నెండున్నర వేలు", "లక్షన్నర", "పాతిక వేలు" గురించి అడిగారు. వాటికి అర్థం లేకపోలేదు, పాతిక అంటే ఇరవై ఐదేనని అందరికీ తెలుసు. కానీ కాగితం మీద వద్దంటాను. అర, పావు, ముప్పావు దేనిలో అన్నది మాట వరస మీద ఆధారపడుతుంది. "రెండు లక్షలన్నర" అని ఒకాయన రాస్తే రెండున్నర లక్షలా, రెండు లక్షల మీద అర లక్షా అని ఇద్దరు ప్లీడర్లు ఒకే జవాబు కోసం గంటసేపు వాదించుకోగలరు. జవాబు ఒకటే అయినా ఆ గంట మీ ఖర్చు. "రెండు లక్షల యాభై వేలు" అంటే వాదనే లేదు. అలాగే "పదిహేను వందలు" కాదు "వెయ్యి ఐదు వందలు", "వెయ్యిన్నూట పదహార్లు" కాదు "వెయ్యి నూట పదహారు". కట్నకానుకల్లో పదహార్లు బాగుంటాయి, అగ్రిమెంట్‌లో కాదు.

మీ విషయంలో నాకు అక్షరాల తేడా కంటే ఎక్కువ భయం కలిగిస్తున్నది వేరే ఉంది. మీరు గజం రేటూ చెప్పారు, మొత్తం ధరా చెప్పారు. 150ని 12,500తో గుణిస్తే 18,75,000. లెక్క సరిపోయింది. రేపు రిజిస్ట్రేషన్‌కి ముందు కొలిపిస్తే స్థలం 147 గజాలే వచ్చిందనుకోండి. రేటు ప్రకారమైతే 18,37,500 ఇవ్వాలి. మొత్తం ప్రకారమైతే 18,75,000. తేడా 37,500. అంకెలూ అక్షరాలూ ముత్యాల్లా సరిపోయినా ఇక్కడ రెండు ధరలు నిలబడ్డాయి. అమ్మేవాళ్ళు "మొత్తం మాట్లాడుకున్నాం" అంటారు, మీరు "గజం లెక్కన మాట్లాడుకున్నాం" అంటారు, ఇద్దరికీ అదే కాగితంలో ఆధారం దొరుకుతుంది. ఏది అసలో ఇప్పుడే రాయించండి. గజం లెక్కే అయితే: "గజం ఒక్కింటికి రూ. 12,500/- (అక్షరాలా పన్నెండు వేల ఐదు వందల రూపాయలు మాత్రమే) చొప్పున, కొలతలో తేలిన వాస్తవ విస్తీర్ణమునకు లెక్కకట్టి ధర నిర్ణయించవలెను. ప్రస్తుత అంచనా 150 గజములు." గుత్తగా మాట్లాడుకుంటే గజం రేటు అసలు రాయొద్దు, "విస్తీర్ణములో హెచ్చుతగ్గులున్నను ధర మారదు" అని రాయాలి.

అగ్రిమెంట్‌లో దిద్దుబాటు వస్తే చెక్కంత కఠినం కాదు. కొట్టివేత చదవగలిగేలా ఒక గీతతో కొట్టి, పైన సరైనది రాసి, పక్కన ఇద్దరూ పొడి సంతకాలు చేయాలి. వైట్నర్ వాడొద్దు. తర్వాత రాబోయే సేల్ డీడ్‌లోనైతే కొట్టివేతలు, ఖాళీలు, వరసల మధ్య ఇరికించిన మాటల పక్కన రాసిచ్చేవారి సంతకం లేకపోతే సబ్ రిజిస్ట్రార్ దాన్ని తిప్పిపంపొచ్చు. రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ ఆ వీలు ఇస్తుంది. ధర దగ్గరే దిద్దుబాటు పడితే మాత్రం ఆ పేజీ మళ్ళీ టైపు చేయించమంటాను.

పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి డబ్బు పంపేవాళ్ళకి ఒక మాట. అక్కడి కంప్యూటర్ టెంప్లేట్లు 1,875,000 అని కామా వేస్తాయి. సంఖ్య అదే, కానీ మనవాళ్ళ కన్ను లక్షల కామా కోసం వెతుకుతుంది, ఒక సున్న ఎక్కువో తక్కువో చదివేస్తుంది. కామాలు మన పద్ధతిలో పెట్టించి, అక్షరాల్లో లక్షలే రాయించండి, మిలియన్లు కాదు. అగ్రిమెంట్‌కి ఇంగ్లీషు ప్రతి కూడా తయారుచేస్తే, రెంటిలో ఏది మూలమో ఆ కాగితంలోనే ఉండాలి.

చివరిగా ఆ చెక్కునీ అగ్రిమెంట్‌నీ కలిపే వాక్యం. "అడ్వాన్సు ముట్టినది" అని ఊరికే రాయనివ్వకండి. చెక్కు నంబరు, తేదీ, బ్యాంకు, బ్రాంచీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, "సదరు చెక్కు సొమ్ము జమ అయిన పిదప ముట్టినట్లు" అని పెట్టించండి. అమ్మేవాళ్ళు కూడా ఇలాగే కోరుకుంటారు, అభ్యంతరం చెప్పరు. చెక్కు రాశాక దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, అగ్రిమెంట్‌లోని ఆ వాక్యాన్ని ఆ ఫోటో పక్కన పెట్టి, పైన చెప్పినట్టు ఇంకొకరి చేత చదివించాకే సంతకాలకి కూర్చోండి.